ఒడిశా సరిహద్దు తెలుగువారు అమెరికా ఇమిగ్రేషన్ ఫారాల్లో ‘ఇతర పేర్లు’ ఎలా రాయాలి

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఒకే మనిషికి నాలుగైదు పేర్లు కాగితాల మీద ఉండడం వింత కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పటినుంచి ఇక్కడివారికి ఇంట్లో మాట తెలుగు, బడిలోనూ కచేరీలోనూ రాత ఎక్కువగా ఒడియా. తల్లిదండ్రులు తెలుగులో పెట్టిన పేరును ఒడియా గుమాస్తా తన చెవికి వినిపించినట్టు రాసుకోగా, ఆ ఒడియా రాతను ఇంకెవరో ఇంగ్లీషులోకి మార్చారు. ఇక్కడ బతికినంతకాలం దానివల్ల పెద్ద ఇబ్బంది రాదు, ఎందుకంటే ఊళ్లో అందరికీ మనిషి తెలుసు. అమెరికాలో ఉన్న కూతురో కొడుకో తల్లికి గ్రీన్ కార్డు కోసం ఐ-130 పిటిషన్ వేసినప్పుడు మాత్రం ఆ ఫారంలోని Other Names Used అనే గడి ఈ పేర్లన్నిటినీ ఒక్కసారిగా అడుగుతుంది. నేను వకీలును కాను. మా వీధిలోనూ బంధువర్గంలోనూ పదిమందికి ఈ ఫారాలు నింపిపెట్టినవాణ్ణి. తల్లి తరఫున ఆ గడిని ఎలా నింపాలన్న ఒక్క విషయమే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే మన ప్రాంతంలో ఎక్కువమంది తడబడేది అక్కడే.

ముందుగా ఆ గడి ఏమి అడుగుతున్నదో సరిగా అర్థం చేసుకోవాలి. అక్కడ ‘అలియాస్’ అన్న మాట చూడగానే మనకు పోలీసు కేసుల్లో నిందితుడి పక్కన రాసే మారుపేరు గుర్తుకొస్తుంది గనుక, మర్యాదస్తులైన ఆడవాళ్లను ఆ మాట అడిగితే ‘నాకు అలాంటివి లేవు’ అంటారు. ఫారం ఉద్దేశం అది కాదు. ఐ-130లో ఆ గడి కింద ఉన్న సూచన, ఇంతవరకు వాడిన ఇతర పేర్లన్నీ రాయమని, అందులో పెళ్లికి ముందు పేరు, మారుపేర్లు, ముద్దుపేర్లు కూడా చేరతాయని చెబుతుంది. పిటిషన్ ఆమోదం పొందాక తల్లి తరఫున ఆన్‌లైన్‌లో నింపే డీఎస్-260 వీసా దరఖాస్తు కూడా ఇదే ప్రశ్నను అవునా కాదా అన్న రూపంలో అడిగి, అవునంటే ఒక్కొక్క పేరుకూ గడులు తెరుస్తుంది. ఆమె చట్టప్రకారం పేరు మార్చుకున్నదా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆమె ఏ ఏ పేర్లతో కాగితాలకెక్కిందో, ఏ ఏ పేర్లతో నలుగురిలో చెలామణీ అయిందో అన్నదే ప్రశ్న. అధికారులు చేసే భద్రతా తనిఖీ చాలావరకు పేరు మీదే నడుస్తుంది. దానితోపాటు, కూతురు జనన ధృవపత్రంలో తల్లిగా ఉన్న మనిషీ వీసా అడుగుతున్న మనిషీ ఒక్కరేనని నిర్ధారించుకోవడానికీ ఈ జాబితానే ఆధారం.

మొదట చేయవలసిన పని ఫారం తెరవడం కాదు, ట్రంకుపెట్టె తెరవడం. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ బయటికి తీసి, పాతవి ముందు, కొత్తవి తరవాత వచ్చేలా వరసగా పరచండి. బడి విడిచినప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్టు, పదో తరగతి చదివి ఉంటే ఆ బోర్డు సర్టిఫికెట్టు, శుభలేఖ, రేషన్ కార్డు, ఓటరు కార్డు, పిల్లల జనన ధృవపత్రాలు, పిల్లల బడి రికార్డులో తల్లి పేరున్న కాగితం, భూమి పట్టా, బ్యాంకు పాస్‌బుక్కు, బీమా పాలసీ, భర్త పింఛను కాగితాల్లో భార్య పేరు రాసిన పుట, ఆధార్, పాన్, పాత పాస్‌పోర్టు, కొత్త పాస్‌పోర్టు: వీటిలో ఉన్నవన్నీ చూడాలి. పిల్లల కాగితాలను చాలామంది మరచిపోతారు. తల్లి గ్రీన్ కార్డు విషయంలో నిజానికి అన్నిటికన్నా ముఖ్యమైనది పిటిషన్ వేస్తున్న బిడ్డ జనన ధృవపత్రమే, ఎందుకంటే తల్లీబిడ్డల సంబంధానికి మొదటి సాక్ష్యం అదే.

తరవాత ఒక నోటుపుస్తకం తీసుకుని, ఏ కాగితం, ఏ సంవత్సరం, పేరు అక్షరం తప్పకుండా ఎలా ఉంది, ఆ రాత ఎందుకు అలా వచ్చింది అన్న నాలుగు వరసలు గీయండి. అక్షరం తప్పకుండా అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. చూసేటప్పుడు కళ్లు మనకు తెలిసిన పేరునే చదివేస్తాయి, కాగితం మీద ఉన్నదాన్ని చదవవు. నేను మొదట్లో ఇలాగే Laxmi అని ఉన్నచోట Lakshmi అని రాసుకుని, తరవాత కాగితంతో సరిపోల్చుకుంటూ ఒక పూటంతా పాడుచేసుకున్నాను. ఒక్కొక్క అక్షరాన్నీ వేలు పెట్టి చదువుతూ రాసుకోవడమే సురక్షితం.

నాలుగో వరసలో ఏమి రాయాలో తెలియాలంటే ఒడియా రాతలో మన పేర్లు ఎలా మారతాయో కొంచెం ఎరిగి ఉండాలి. ఒడియాలో ‘వ’, ‘బ’ రెండూ మామూలుగా ఒకే అక్షరంతో, ‘బ’ అనే ఉచ్చారణతో రాస్తారు గనుక వరలక్ష్మి Baralaxmi అవుతుంది, శ్రీనివాసరావు Srinibas Rao అవుతాడు, వెంకటమ్మ Benkatamma అవుతుంది. కృష్ణను మనమూ ‘క్రుష్ణ’ అనే పలుకుతాము కాని ఇంగ్లీషులో Krishna అని రాస్తాము. ఒడిశాలో Krushna అని రాయడం మామూలు. సత్యనారాయణ చివరి అకారం ఊడి Satyanarayan అవుతుంది. జగన్నాథుడి పేరున్న మనిషిని మన రాతలో Jagannadha అంటే ఒడియా కాగితం Jagannath అంటుంది. ఇంటిపేరు సంగతి ఇంకొక తంతు. మనం ముందు రాసే ఇంటిపేరును ఒక గుమాస్తా పొడి అక్షరానికి కుదిస్తాడు, మరొకడు పేరు చివరకు తోస్తాడు, ఇంకొకడు అది ఇంటిపేరని తెలియక వదిలేసి ‘అమ్మ’నో ‘కుమారి’నో ఇంటిపేరు స్థానంలో కూర్చోబెడతాడు. ఈ మార్పుల పద్ధతి తెలిస్తే, ఏది ఉత్త రాత తేడా, ఏది నిజంగా వేరే పేరు అన్నది విడదీయగలుగుతాము.

ఇక్కడినుంచి ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాము. పేర్లు నేను కల్పించినవి, సంగతులు మాత్రం మన వీధుల్లో జరిగేవే. కాశీనగరం దగ్గర పల్లెలో 1962లో పుట్టిన ఒకావిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరు పేడాడ వరలక్ష్మి. ఒడియా బడిలో ఏడో తరగతి వరకు చదివింది. 1981లో పర్లాకిమిడిలో దుప్పల వారి ఇంటికి కోడలిగా వచ్చింది. ఆ ఇంట్లో అత్తగారి పేరూ వరలక్ష్మే. కోడలిని ఆ పేరు పెట్టి పిలిస్తే అత్తగారిని పిలిచినట్టవుతుందని అందరూ ఆమెను పద్మ అని పిలవడం మొదలుపెట్టారు. అలా పిలిచిన పేరే కొంతకాలానికి రేషన్ కార్డులోకీ ఓటరు జాబితాలోకీ వెళ్లింది. 1985లో బరంపురంలో కూతురు పుట్టినప్పుడు, ఎవరు చెప్పారో ఎవరు రాశారో గాని, జనన నమోదులో తల్లి పేరు Padmabati Duppala అని పడింది. బ్యాంకు ఖాతా D. Baralaxmi Amma పేరున ఉంది. చివరకు ఆధార్, పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు కూతురు పూనుకుని అసలు పేరు రాయించింది: పాస్‌పోర్టులో ఇంటిపేరు DUPPALA, పేరు VARALAKSHMI.

ఇలాంటివారిని అడిగి తెలుసుకోవడం కూడా ఒక పనే. ఫారంలోని ప్రశ్నను ఉన్నదున్నట్టు తెలుగులోకి మార్చి అడిగితే సమాధానం రాదు. మా వీధిలో ఒక పిన్నిని నేను ‘పిన్నీ, మీకు వేరే పేర్లు ఏమైనా ఉన్నాయా’ అని అడిగితే ‘లేవు నాయనా’ అంది. కాసేపాగి ‘బడిలో మాస్టారు హాజరు వేసేటప్పుడు ఏమని పిలిచేవారు’ అని అడిగితే నవ్వి, ‘బరలక్ష్మీ అని పిలిచేవారు, అది పేరేమిటి, వాళ్ల నోరు అలా తిరుగుతుంది’ అంది. ‘అత్తవారింట్లో ఏమనేవారు’, ‘ఓటు వేయడానికి వెళితే ఏ పేరు చదివారు’, ‘ఆసుపత్రిలో ఏమని రాయించారు’ అని సందర్భాన్ని పట్టి అడిగితేనే పేర్లు బయటికి వస్తాయి. కూతురు అమెరికానుంచి ఫోనులో అడిగేటప్పుడు కూడా ఇలాగే అడగాలి. తల్లి పుట్టింటి తరఫు అన్నదమ్ములెవరైనా ఉంటే వారితోనూ ఒకసారి సరిచూసుకోవాలి.

ఇప్పుడు ఏవి రాయాలి, ఏవి అక్కర్లేదు అన్న నిర్ణయం. పుట్టింటి పేరు తప్పనిసరి. పెళ్లి తరవాత దాన్ని ఎన్నడూ వాడకపోయినా రాయాలి. అత్తవారింట్లో పెట్టిన పేరు, అది కాగితానికెక్కినా ఎక్కకపోయినా, నలుగురూ దానితోనే ఎరుగుదురు గనుక తప్పనిసరి. రాత తేడాల దగ్గర మనుషులు రెండు విధాలుగా పోతారు. కొందరు ‘అదీ ఇదీ ఒకటే కదా’ అని ఒక్కటీ రాయరు. కొందరు భయపడి ప్రతి చుక్కకూ ఒక వరస రాసి ఇరవై పేర్లు చేస్తారు. నేను పాటించే పద్ధతి ఇది: పేరులో మొదటి అక్షరమే మారితే, లేదా ఇంగ్లీషులో చదివినవారికి అది వేరే పేరులా కనిపిస్తే, ఆ రాతను విడిగా ఒక వరసలో రాస్తాను. Varalakshmi, Baralaxmi అన్నవి మనకు ఒకటే. ఒడిశా ఎరుగని అధికారికి అవి ఇద్దరు మనుషులు. పేరు మధ్యలో జాగా ఉండడం లేకపోవడం, చివర h ఉండడం లేకపోవడం వంటివి మీరు అధికారులకు పంపబోయే కాగితంలో ఉంటే రాస్తాను, ఎవరికీ చూపని పాత రసీదులో ఉంటే వదిలేస్తాను. మీరు సాక్ష్యంగా జతచేసే ఏ కాగితంలోనైనా కనిపించే పేరు జాబితాలో లేకుండా ఉండకూడదు అన్నదొక్కటి మాత్రం కచ్చితంగా పాటించాలి. Padmabati అన్న పేరుతో ఆ తల్లిని ఎవరూ ఎన్నడూ పిలవకపోయినా, కూతురి జనన ధృవపత్రంలో ఉన్నది అదే గనుక అది జాబితాలో ఉండి తీరాలి.

ఇంట్లో బుజ్జి, చిట్టి అని పిలిచే ముద్దుపేర్ల సంగతి చాలామంది అడుగుతారు. ఫారం సూచనలో ముద్దుపేర్లు అన్న మాట ఉంది గనుక, ఇంటి బయటివారు కూడా ఆ పేరుతోనే ఎరిగి ఉంటే రాయడమే మంచిదని నా అభిప్రాయం. ఒక పేరు ఎక్కువ రాసినందుకు వచ్చే నష్టం నాకు ఎక్కడా కనిపించలేదు, ఉన్నది రాయకపోతే వచ్చే ప్రశ్నలు మాత్రం చూశాను. అమ్మ ఒక్కతే పిలిచే పేరును పట్టుకుని మథనపడనక్కర్లేదు.

జాబితా తేలాక పేర్లను గడుల్లోకి విడదీయాలి. ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి ఉంటాయి. పొడి అక్షరం దేనిదో మనకు తెలిసినప్పుడు దాన్ని విప్పి పూర్తి ఇంటిపేరు రాయాలి; D. అని వదిలేస్తే తనిఖీకి అది ఎందుకూ పనికిరాదు. ‘శ్రీమతి’, ‘శ్రీ’ వంటివి పేరులో భాగం కావు గనుక రాయకూడదు, ‘అమ్మ’ మాత్రం కాగితంలో పేరుతో కలిసి ఉంటే అలాగే ఉంచాలి. ప్రస్తుతపు పేరు గడిలో పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు రాస్తారు, దాన్ని ఇతర పేర్లలో మళ్లీ రాయనక్కర్లేదు. మన ఉదాహరణలోని తల్లికి జాబితా ఇలా తయారవుతుంది:

```
Surname    Given Name
PEDADA     VARALAKSHMI
PEDADA     BARALAXMI
DUPPALA    PADMA
DUPPALA    PADMABATI
DUPPALA    BARALAXMI AMMA
```

ఐ-130లో తల్లి వివరాలు నాలుగో భాగంలో ఉంటాయి, పిటిషన్ వేసే కూతురి వివరాలు రెండో భాగంలో ఉంటాయి. రెండు చోట్లా ఇతర పేర్ల గడి ఉంది. కూతురు తన పెళ్లికి ముందు పేరును రెండో భాగంలో రాయడం మరచిపోవద్దు, ఆమె జనన ధృవపత్రంలో ఉన్నది ఆ పేరే. గడిలో ఇచ్చిన చోటు ఒకటి రెండు పేర్లకే సరిపోతుంది. మిగిలినవి ఫారం చివర ఉన్న Additional Information పుటలో రాయాలి. అక్కడ ప్రతి వివరణ పక్కనా అది ఏ పుటకు, ఏ భాగానికి, ఏ అంశానికి చెందినదో అంకెలు వేయడానికి చిన్న గడులు ఉంటాయి. ఆ అంకెలు వేయకుండా పేర్లు మాత్రం రాస్తే చదివేవారికి అవి ఎవరి పేర్లో తెలియదు. ఆ పుటలోనే ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క వాక్యం చొప్పున కారణం రాయండి. పేడాడ అన్నది పెళ్లికి ముందు ఇంటిపేరు అనీ, బరలక్ష్మి అన్నది ఒడియా బడి రికార్డులో వరలక్ష్మికి వచ్చిన రాత అనీ, పద్మ అన్నది అత్తవారింటి పిలుపు పేరు, రేషన్ కార్డులోనూ ఓటరు కార్డులోనూ ఉన్నదనీ, పద్మాబతి అన్నది కూతురి జనన ధృవపత్రంలో మాత్రమే ఉన్నదనీ, ఈ పేర్లన్నీ ఒక్క మనిషివేననీ ఇంగ్లీషులో సాదాగా రాస్తే చాలు. ఆచారాల గురించి వ్యాసం రాయనక్కర్లేదు.

డీఎస్-260లో ఈ పని సులువు. ప్రశ్నకు అవునని గుర్తుపెట్టగానే గడులు తెరుచుకుంటాయి, ఒక పేరు నింపాక Add Another నొక్కితే మరొకటి వస్తుంది. కారణాలు రాయడానికి అక్కడ చోటు ఉండదు గనుక వాటిని ఐ-130తో ఇచ్చిన పుటలోనూ, ఇంటర్వ్యూకు తీసుకువెళ్లే కాగితంలోనూ ఉంచుకోవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే వరసలో ఉన్నవారు మన ప్రాంతంలో ఉన్నారు. అలాంటివారు డీఎస్-260లో ఆ పేరంతా ఇంటిపేరు గడిలో రాసి, పేరు గడిలో FNU అని రాయాలి. ఆ మూడు అక్షరాలకు అర్థం ‘మొదటి పేరు తెలియదు’ అని, అది ఒక పేరు కాదు.

ఈ రెండు ఫారాలూ తల్లి పేరును ఆమె సొంత లిపిలో కూడా అడుగుతాయి. ఇక్కడ మనవారికి ఒక సందేహం వస్తుంది: తెలుగులో రాయాలా, ఒడియాలో రాయాలా? ఆమె ఏ లిపిలో సంతకం చేస్తుందో, ఏ లిపిలో చదువుతుందో దాంట్లో రాయడమే సరి. ఇంట్లో తెలుగు మాట్లాడినా అక్షరం నేర్చుకున్నది ఒడియాలో అయితే ఒడియాలోనే రాయవచ్చు, అందులో తప్పేమీ లేదు.

అనువాదాల దగ్గర ఒక ఉచ్చు ఉంది. ఇంగ్లీషులో లేని కాగితాన్ని అమెరికా ఇమిగ్రేషన్ సంస్థకు ఇచ్చేటప్పుడు పూర్తి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. ఆ అనువాదం పూర్తిగా, సరిగా ఉన్నదనీ, తనకు ఆ రెండు భాషలు వచ్చుననీ అనువాదకుడు ధృవీకరించి సంతకం చేయాలి. ఒడియా బడి సర్టిఫికెట్టును అనువదించేవాడు ఇంగ్లీషులో పేరు ఎలా రాస్తే, అది సాక్ష్యాల్లోకి ఎక్కిన కొత్త రాత అవుతుంది. Baralakhmi అనో Barlaxmi అనో రాసి ఇస్తే మీ జాబితాలో లేని పేరొకటి పుట్టుకొస్తుంది. అందుచేత అనువాదం చేయించే ముందు, ఆ బడి ఇచ్చిన వేరే ఇంగ్లీషు కాగితం ఏదైనా ఉంటే అందులోని రాతను చూపించి అదే వాడమనాలి. ఏదీ లేకపోతే అనువాదం చేతికి వచ్చాక జాబితాను దానితో మరొకసారి సరిపోల్చుకోవాలి. అనువాదంలో పేరును పాస్‌పోర్టులో ఉన్నట్టు ‘సరిచేయమని’ అడగవద్దు. కాగితంలో బరలక్ష్మి అని ఉంటే అనువాదంలో వరలక్ష్మి అని ఉండకూడదు, అది తప్పుడు అనువాదమే అవుతుంది.

ఇదే సమయంలో జనన ధృవపత్రం ప్రశ్న కూడా వస్తుంది. 1962లో పల్లెలో పుట్టినవారి జననం చాలాచోట్ల నమోదు కాలేదు గనుక, నమోదు లేదని రిజిస్ట్రారు ఇచ్చే పత్రం తీసుకుని, బడి సర్టిఫికెట్టు, అఫిడవిట్లు జతచేస్తారు. ఆ పత్రానికి దరఖాస్తు పెట్టేటప్పుడు పుట్టినప్పటి పేరు, అంటే పేడాడ వరలక్ష్మి అన్న పేరు చెప్పాలి. దుప్పల వరలక్ష్మి అని వెతికిస్తే 1962 పుస్తకంలో ఆ పేరు ఎలాగూ ఉండదు, ఆ పత్రానికి విలువా ఉండదు.

‘ఒకే వ్యక్తి’ అని నోటరీ దగ్గర చేయించే అఫిడవిట్ సంగతి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మన కోర్టు ఆవరణల్లో అన్ని పేరు జబ్బులకూ ఇచ్చే మందు అదొక్కటే. అది పనికిరాదని కాదు. పద్మాబతీ వరలక్ష్మీ ఒకరేనని ఆమెను చిన్ననాటినుంచి ఎరిగిన మేనమామో, కూతురు పుట్టినప్పుడు దగ్గరున్న ఆడపడుచో తమకు ఎలా తెలుసో వివరంగా చెబుతూ చేసిన అఫిడవిట్ మంచి మద్దతు. అయితే అది ఫారంలోని గడికి బదులు కాదు. అఫిడవిట్‌లో ఐదు పేర్లు రాసి ఫారంలో ‘లేవు’ అని రాసిన దరఖాస్తును నేను కళ్లారా చూశాను. తన మాటను తానే కాదన్నట్టుగా ఉంది. కాగితాల్లో తల్లి పేరు బొత్తిగా కుదరక, వేరే సాక్ష్యాలూ చాలకపోతే కాన్సులేట్‌వారు డీఎన్‌ఏ పరీక్ష సూచించవచ్చు. వారు సూచించకముందే సొంతంగా చేయించుకున్న పరీక్షను లెక్కలోకి తీసుకోరు.

ఇంతకుముందు తల్లి టూరిస్టు వీసా మీద వెళ్లివచ్చి ఉంటే ఇంకొక మెట్టు ఉంది. అప్పుడు నింపిన డీఎస్-160లోనూ ఇదే ప్రశ్న ఉంటుంది. నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. మా బంధువు ఒకావిడకు మొదటిసారి టూరిస్టు వీసా ఫారం నింపినప్పుడు, ఆమెను అడగకుండానే ఇతర పేర్లు లేవని గుర్తుపెట్టేశాను. పాస్‌పోర్టూ ఆధారూ ఒకేలా ఉన్నాయి, ఇంకేముంటుందనుకున్నాను. కొన్నేళ్లకు గ్రీన్ కార్డు ఫారాలు నింపే వేళకు మూడు పేర్లు బయటపడ్డాయి. పాత సమాధానంతో పొంతన ఉండాలని ఇప్పుడూ లేవనే రాద్దామా అని ఇంట్లో చర్చ జరిగింది. అలా చేయకూడదు. అప్పుడు తెలియక రాసినది పొరపాటు, ఇప్పుడు తెలిసి రాస్తే అది అబద్ధం. ఫలితాన్ని మార్చగల విషయంలో తెలిసి అబద్ధమాడినవారికి ఇమిగ్రేషన్ చట్టంలోని 212(a)(6)(C)(i) కింద ఎప్పటికీ వీసా రాకుండా పోవచ్చు. మేము కొత్త ఫారంలో మూడు పేర్లూ రాసి, పాత దరఖాస్తులో ఫారం నింపినవాడి అజాగ్రత్తవల్ల ‘లేవు’ అని పడిందని ఒక వాక్యం ఐ-130 చివరి పుటలో చేర్చాము. ఇంటర్వ్యూలో అధికారిణి దాని గురించి ఒక్క ప్రశ్న అడిగింది, మా బంధువు ఉన్నది చెప్పింది. తెలిసి దాచిన విషయమేదైనా ఉంటే, లేదా పేరుతోపాటు పుట్టిన తేదీ, పెళ్లి వంటి వివరాలు కూడా పాత ఫారంలో వేరుగా ఉంటే, నాలాంటివాడి సలహాతో సరిపెట్టుకోకుండా ఇమిగ్రేషన్ వకీలును సంప్రదించాలి.

మన పాస్‌పోర్టు దరఖాస్తులో కూడా మీకు వేరే పేర్లు ఉన్నాయా, పేరు ఎప్పుడైనా మార్చుకున్నారా అన్న ప్రశ్నలు ఉంటాయి. అక్కడ లేవని రాసి ఉంటే దాన్ని చూసి అమెరికా ఫారంలోనూ లేవని రాయవద్దు. పాస్‌పోర్టు తిరిగి తీసుకునేటప్పుడు అక్కడ సరిగా రాయించండి.

ఫారాలు పంపిన తరవాత కొత్త పేరు బయటపడడం కూడా మామూలే. ఎక్కడో అటకమీద పాత భూమి కాగితం దొరుకుతుంది. డీఎస్-260ను సమర్పించాక అది మూసుకుపోతుంది, మనంతట మనం మార్చలేము. కేసును కాన్సులేట్‌కు పంపేముందు కాగితాలు చూసే నేషనల్ వీసా సెంటర్‌కు వారి ఆన్‌లైన్ విచారణ ఫారం ద్వారా రాసి తిరిగి తెరవమని అడగవచ్చు, కేసు అప్పటికే కాన్సులేట్‌కు వెళ్లి ఉంటే ఇంటర్వ్యూ రోజున అధికారికి చెప్పి సరిచేయించుకోవచ్చు. ప్రశ్న వేసేదాకా ఆగకుండా, ప్రమాణం చేయించే ముందే ‘నా ఫారంలో ఒక పేరు చేర్చాలి’ అని చెప్పడం మేలు. చేర్చవలసిన పేరు, అది ఏ కాగితంలో ఉన్నదో ఒక చీటీ మీద ఇంగ్లీషులో రాసి ఆమె చేతిలో పెట్టి పంపండి, కంగారులో నోరు పెగలకపోయినా చీటీ ఇవ్వగలుగుతుంది.

ఇంటర్వ్యూకు ముందు వారంలో ఒక సాయంత్రం తల్లిని కూర్చోబెట్టి, ఐ-130 ప్రతి, డీఎస్-260 ప్రతి, మీ నోటుపుస్తకం మూడూ పక్కపక్కన పెట్టి, జాబితాలోని ఒక్కొక్క పేరూ చదివి, ఇది ఎక్కడిది అని ఆమెనే అడగండి. బరలక్ష్మి అంటే బడి అనీ, పద్మ అంటే అత్తవారిల్లు అనీ ఆమె నోటినుంచి తడబడకుండా రావాలి. పద్మాబతి దగ్గర ఆమె ‘అదెవరు’ అని అడిగితే, కూతురి జనన ధృవపత్రం తీసి ఆ వరస చూపించండి, చాలామంది తల్లులు ఆ కాగితాన్ని అంతవరకు చదివి ఉండరు.